ఫోటోలో వచ్చిన ప్రోగ్రామింగ్ పేపర్: రికర్షన్‌నీ, సార్టింగ్ పాస్‌లనీ చేత్తో ట్రేస్ చేయడం ఎలా

మా పిన్ని కూతురు ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. మారతహళ్ళిలో పీజీలో ఉంటుంది. మొన్న ఇంటర్నల్ పరీక్ష రాసి వచ్చాక క్వశ్చన్ పేపర్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. కింద మెసేజ్: "అక్కా, రెండు ప్రోగ్రాములూ వచ్చినవే. కానీ ఫ్రెండ్స్‌ని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఆన్సర్ చెబుతున్నారు. నాది ఎక్కడ తప్పిందో చూడవా?"

ఆదివారం తనని ఇంటికి రమ్మన్నాను. అన్నాలు తిన్నాక ఆ రెండు ప్రశ్నలతోనే సాయంత్రం అయిపోయింది. తనకి సి భాష బాగానే వచ్చు, రికర్షన్ అంటే ఏమిటో కూడా తెలుసు. తప్పు జరిగింది కాగితం మీద లెక్క రాసుకునే పద్ధతిలో. అందుకే ఆ రెండు ప్రశ్నలనే తీసుకుని, ఫోటో చూడటం దగ్గర్నుంచి చివర మెషీన్‌లో సరిచూసుకోవడం దాకా మేము చేసిన క్రమంలోనే రాస్తున్నాను.

## ముందు ఫోటోని సరిగ్గా చదవండి

ప్రోగ్రామ్‌లో ఒక్క గుర్తు తేడా చదివినా ఆన్సర్ మొత్తం మారిపోతుంది. మామూలు ప్రశ్నలో ఒక అక్షరం మసకగా ఉంటే మిగతా వాక్యాన్ని బట్టి ఊహించుకోవచ్చు. కోడ్‌లో ఆ ఊహే ముంచుతుంది.

తను పంపిన ఫోటో ట్యూబ్‌లైట్ కింద, మంచం మీద పేపర్ పెట్టి, పక్కనుంచి తీసింది. పేపర్‌ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకొచ్చింది కాబట్టి మధ్య మడత సరిగ్గా మొదటి ప్రోగ్రామ్ మీదుగా పోయింది. ఆపైన వాట్సాప్ మామూలు ఫోటోని కుదించి పంపుతుంది కదా, పెద్దది చేసి చూస్తే అక్షరాల అంచులు కరిగిపోయినట్టు కనిపించాయి. మళ్ళీ తీయమని చెప్పాను: పగటి వెలుతురులో, కిటికీ పక్కన, పేపర్‌ని బల్ల మీద పరిచి, మడత మీద చేత్తో నాలుగుసార్లు అదిమి, ఫోన్‌ని సరిగ్గా పైన పట్టుకుని. మొత్తం పేజీకి ఒకటి, ఒక్కో ప్రోగ్రామ్‌కి దగ్గర్నుంచి ఒకటి. పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే కుదించకుండా వస్తుంది.

ఫోటో చూస్తూ నేరుగా ట్రేస్ మొదలుపెట్టకండి. కోడ్‌ని తెల్లకాగితం మీద పెన్నుతో ఎత్తి రాసుకోండి, ప్రతి లైనుకీ నంబర్ వేయండి. రాసేటప్పుడు కన్ను ఒక్కో గుర్తు మీదా ఆగుతుంది. ఏ గుర్తు మీద అనుమానం ఉంటే దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. నేను చూసినంతలో ఎక్కువగా మోసం చేసేవి ఇవి: `<` ఉందా `<=` ఉందా, `=` ఒకటా రెండా, `i` ఉందా `j` ఉందా, అంకె `1` ఉందా అక్షరం `l` ఉందా, `for` లైను చివర `;` ఉందా లేదా. పలచటి కాగితమైతే వెనక పేజీ ఇంకు ఇటువైపు మచ్చలా కనిపించి సెమికోలన్‌లా భ్రమ పుట్టిస్తుంది. అలాంటప్పుడు అదే ఫోటోలో నిజమైన సెమికోలన్ ఒకదాన్ని వెతికి, రెండింటినీ ఒకే జూమ్‌లో పక్కపక్కన చూడండి. ముదురులో, ఎత్తులో తేడా తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. తప్పులా కనిపించినదాన్ని మనసులోనే దిద్దేయకూడదు. `for` చివర సెమికోలన్‌ని కావాలనే పెట్టి అడిగే మాస్టార్లున్నారు. పేపర్లో ఏముందో అదే ట్రేస్ చేయాలి.

## మడత కింద దాగిన గుర్తు

మొదటి ప్రశ్న ఇది. `f(4)` అని పిలిస్తే ఏం ప్రింట్ అవుతుంది?

```c
1  void f(int n)
2  {
3      if (n <= 0) return;
4      f(n - 1);
5      printf("%d ", n);
6      f(n - 2);
7  }
```

ఇక్కడ శుభ్రంగా కనిపిస్తోంది కానీ, మొదటి ఫోటోలో మూడో లైను మీదే మడత పడింది. `n` తర్వాత ఏదో గుర్తు, ఆ తర్వాత `0`. అది `<=` కావచ్చు, `<` కావచ్చు, `==` కావచ్చు. ఇలాంటప్పుడు మూడింటినీ వరసగా పెట్టి చూడాలి.

`==` అయితే ఏమవుతుంది? `f(1)` లోపల ఆరో లైను `f(-1)` ని పిలుస్తుంది. మైనస్ ఒకటి సున్నా కాదు కాబట్టి ఆగదు. అది `f(-2)` ని, అది `f(-3)` ని, అలా పిలుచుకుంటూనే పోతాయి. మెమరీలో స్టాక్‌కి ఇచ్చిన చోటు నిండిపోయి ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఎంత ప్రింట్ అవుతుందో రాయమన్న ప్రశ్నకి ఇది పొసగదు, కాబట్టి `==` అయ్యే అవకాశం తక్కువ.

మిగిలిన రెండూ మాత్రం చక్కగా ఆగిపోయేవే. `<` అయితే సున్నా కూడా ప్రింట్ అవుతుంది, ఔట్‌పుట్ `0 1 2 0 3 0 1 4 0 1 2 0` అని పన్నెండు అంకెలు వస్తాయి. `<=` అయితే ఏడే వస్తాయి. రెండూ ప్రశ్నగా సబబే. అంటే ఇక్కడ ఎంత ఆలోచించినా తేలదు, కాగితం మళ్ళీ చూడాల్సిందే. కిటికీ దగ్గర తీసిన రెండో ఫోటోలో `<` కింద సన్నటి గీత స్పష్టంగా కనిపించింది. ఆలోచనతో తేలేది ఏదో, కాగితం చూస్తే తప్ప తేలనిది ఏదో ఇలా ముందే విడదీసుకుంటే, తప్పు కోడ్ మీద అరగంట ట్రేస్ చేసే బాధ తప్పుతుంది.

## రికర్షన్: ఎక్కడ ఆగామో రాసుకోవడమే అసలు పని

మా చెల్లి రాసిన ఆన్సర్ `1 2 3 4 1 2`. సరైనది `1 2 3 1 4 1 2`. మధ్యలో ఒక్క `1` పోయింది. అది ఎక్కడ పోయిందో కనిపెట్టడానికి తన రఫ్ పేజీ చూశాను. `f(4)`, `f(3)`, `f(2)`, `f(1)` అని ఒకదాని కింద ఒకటి రాసుకుంది, అక్కడిదాకా బాగానే ఉంది. తిరిగి పైకి వచ్చేటప్పుడు మాత్రం కాగితం మీద ఏమీ లేదు, అంతా మనసులోనే చేసింది. మూడు ప్రింట్ అయ్యాక `f(3)` కి ఇంకా ఆరో లైను మిగిలి ఉందన్న సంగతి మరిచిపోయి నేరుగా `f(4)` లోకి వచ్చేసింది.

దిగేటప్పుడు ఎవరూ తప్పరు. అందరూ తప్పేది ఎక్కేటప్పుడే.

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే కాలింగ్ బెల్ మోగింది, మంట తగ్గించి వెళ్ళాం. తిరిగొచ్చాక పప్పు ఏ దశలో ఉందో అక్కణ్ణుంచే అందుకుంటాం, మళ్ళీ కందిపప్పు కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టం. ఫంక్షన్ కూడా అంతే. ఇంకో ఫంక్షన్‌ని పిలిచిన చోటే ఆగి ఉంటుంది, అది ముగిశాక సరిగ్గా ఆ తర్వాతి లైను నుంచి అందుకుంటుంది. పైగా ప్రతి పిలుపుకీ తన సొంత `n` ఉంటుంది. లోపలి పిలుపులో `n` సున్నా అయినంత మాత్రాన బయట ఆగి ఉన్నదాని `n` ఏమీ మారదు.

అందుకని ప్రతి పిలుపుకీ ఒక గడి గీయండి. గడిలో రెండే రాయండి: దాని `n` ఎంత, అది ఏ లైను దగ్గర ఆగింది. కొత్త పిలుపు వస్తే కింద కొత్త గడి. అది ముగిస్తే ఆ గడిని అడ్డంగా కొట్టేసి, దాని పైగడిలో లైను నంబర్ మార్చండి. నాలుగు కొట్టేసి ఐదు, ఐదు కొట్టేసి ఆరు. ఆరు కూడా ముగిశాకే గడి కొట్టేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఆ `1` పోయేది కాదు.

బాగా లోపలికి దిగినప్పుడు కాగితం ఇలా ఉంటుంది:

```
f(4)  n=4  line 4
f(3)  n=3  line 4
f(2)  n=2  line 4
f(1)  n=1  line 4
f(0)  n=0  return
```

ఇక్కణ్ణుంచి మెల్లగా ఎక్కుదాం. `f(0)` గడి కొట్టేశాం. `f(1)` లో నాలుగు పోయి ఐదు వచ్చింది, `1` ప్రింట్. తర్వాత ఆరు, అంటే `f(-1)`. కింద గడి గీసి, అది వెంటనే తిరిగొచ్చేస్తుంది కాబట్టి కొట్టేశాం. `f(1)` కి ఆరు కూడా ముగిసింది, దాని గడీ పోయింది. ఇప్పుడు `f(2)`. ఐదో లైనులో `2` ప్రింట్, ఆరో లైనులో `f(0)`, అది ఏమీ ప్రింట్ చేయదు. `f(2)` గడి పోయింది.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. `f(3)` ఐదో లైనులో `3` ప్రింట్ చేసింది. గడిలో ఐదు కొట్టేసి ఆరు రాశాం. ఆరో లైను `f(1)` ని పిలుస్తుంది. ఇది ఇందాకటి `f(1)` కాదు, కొత్త గడి. ఇందాక `f(1)` అయిపోయింది కదా అని వదిలేయకూడదు. ఈ కొత్త గడి మళ్ళీ `f(0)` ని పిలిచి, `1` ప్రింట్ చేసి, `f(-1)` ని పిలిచి ముగుస్తుంది. ఇప్పటికి `1 2 3 1`. అప్పుడు గానీ `f(3)` గడి కొట్టేయడానికి వీల్లేదు.

చివరికి `f(4)` మిగిలింది. `4` ప్రింట్ చేసి `f(2)` ని పిలుస్తుంది. ఆ `f(2)` కింద మళ్ళీ `f(1)`, దాని నుంచి `1`, తర్వాత `2`. మొత్తం `1 2 3 1 4 1 2`.

గడులతో పని ముగిశాక ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. ఈసారి కింది నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. `f(0)` కీ, మైనస్ వాటికీ ఖాళీ. `f(1)` అంటే `f(0)` ఇచ్చేది, తర్వాత `1`, తర్వాత `f(-1)` ఇచ్చేది, అంటే ఒక్క `1`. మిగతావి ఇలా:

```
f(1) = 1
f(2) = [1] 2 []           -> 1 2
f(3) = [1 2] 3 [1]        -> 1 2 3 1
f(4) = [1 2 3 1] 4 [1 2]  -> 1 2 3 1 4 1 2
```

నాలుగే లైన్లు. ఇంత సులువుగా ఉంటే గడులెందుకు అని తను అడిగింది. ఒకే `f(2)` ని ఎప్పుడు పిలిచినా ఒకే ఔట్‌పుట్ వస్తుందన్న నమ్మకం మీదే ఈ దారి నిలబడి ఉంది. ఫంక్షన్ లోపల `static` వేరియబుల్ ఉన్నా, బయటి గ్లోబల్ వేరియబుల్‌ని మారుస్తున్నా ఆ నమ్మకం పోతుంది. రెండోసారి పిలిచినప్పటికి ఆ వేరియబుల్ విలువ మారిపోయి ఉంటుంది, ఔట్‌పుట్ వేరుగా రావచ్చు. అలాంటి ప్రశ్నలో గడులతో వరసగా పోవడం తప్ప దారి లేదు. ఆ వేరియబుల్‌ని గడుల్లో కాకుండా, పేజీ పక్కన ఒకే ఒక్క చోట రాసి మార్చుకుంటూ పోవాలి.

లెక్క కూడా ఒకటి చూసుకోవచ్చు. ఈ ప్రోగ్రామ్‌లో ప్రింట్ చేసే ప్రతి గడీ ఇంకో రెండు గడులు తెరుస్తుంది. కాబట్టి ఏమీ ప్రింట్ చేయకుండా తిరిగొచ్చే గడులు, ప్రింట్ చేసిన వాటికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉండాలి. మనకి ప్రింట్ చేసినవి ఏడు, చేయనివి ఎనిమిది, మొత్తం పదిహేను. మీ పేజీలో కొట్టేసిన గడులు పదిహేనుకి తక్కువగా ఉంటే ఎక్కడో ఒక ఆరో లైను మరిచారన్నమాట. తన పాత పద్ధతిలో గడులు లెక్కపెడితే పన్నెండే తేలాయి. పోయిన ఆ `f(1)` తో పాటు దాని కింద ఉండాల్సిన రెండూ పోయాయి.

## సార్టింగ్: పేరుని కాదు, కోడ్‌ని నమ్మండి

రెండో ప్రశ్నలో ఆరు అంకెల వరస ఇచ్చారు: 42, 17, 35, 8, 23, 11. కింది ప్రోగ్రామ్ నడిస్తే రెండో పాస్ అయ్యాక వరస ఎలా ఉంటుంది?

```c
for (i = 0; i < n - 1; i++)
    for (j = i + 1; j < n; j++)
        if (a[i] > a[j]) {
            t = a[i];
            a[i] = a[j];
            a[j] = t;
        }
```

మొదటి ఫోటోలో ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. బ్రాకెట్ల లోపల `i`, `j` రెండూ ఒకేలా నల్లటి చుక్కల్లా ఉన్నాయి. ఇది మాత్రం కాగితం దాకా పోకుండానే తేలింది. బబుల్ సార్ట్ అయ్యుంటే `a[j]` ని `a[j + 1]` తో పోల్చాలి. కానీ లోపలి లూప్ `j < n` దాకా పోతోంది. `j` చివరి చోటికి చేరినప్పుడు `a[j + 1]` అంటే వరస దాటి బయటికి వెళ్ళడమే. పైగా బ్రాకెట్ లోపల ప్లస్ ఒకటి పట్టేంత చోటు కూడా లేదు. లూప్ `i + 1` నుంచి మొదలవుతోంది. అన్నీ కలిపి చూస్తే పోలిక `a[i]` కీ `a[j]` కీ మధ్యే.

ఇక అసలు గొడవ. తను రాసిన ఆన్సర్ `8 11 35 42 23 17`. "ఇది సెలక్షన్ సార్ట్ కదక్కా, ల్యాబ్‌లో ఇదే పేరుతో రాయించారు" అంది. ల్యాబ్ రికార్డుల్లో ఈ కోడ్‌ని ఆ పేరుతో రాయడం నేనూ చూశాను. కానీ అసలు సెలక్షన్ సార్ట్ ఇలా చేయదు. అది పాస్ మొత్తం తిరిగి అతి చిన్నది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, చివర్లో ఒక్కసారే స్వాప్ చేస్తుంది. ఈ కోడ్ చిన్నది కనబడ్డ ప్రతిసారీ అక్కడికక్కడే స్వాప్ చేసేస్తుంది. పాస్ అయ్యాక ముందు భాగం రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. వెనక మిగిలినవి మాత్రం చెల్లాచెదురుగా వేరే వరసలో ఉంటాయి. మొత్తం సార్ట్ అయ్యాక తేడా కనిపించదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు. "రెండో పాస్ తర్వాత" అని అడిగినప్పుడే బయటపడుతుంది.

ప్రశ్నలో కోడ్ లేకుండా "సెలక్షన్ సార్ట్" అని మాటల్లోనే అడిగితే తన ఆన్సరే సరైనది. కోడ్ ఇచ్చి అడిగితే పేరు పక్కన పెట్టి కోడ్‌నే నడపాలి.

పాస్ అంటే ఇక్కడ బయటి లూప్ ఒక్క చుట్టు. `i` సున్నా ఉన్నప్పటిది మొదటి పాస్, `i` ఒకటి ఉన్నప్పటిది రెండోది. ఈ ఒకటి తేడాతో మూడో పాస్ ఆన్సర్ రాసి వచ్చేవాళ్ళున్నారు. పేజీలో ప్రతి పాస్ ముందు `i` విలువ రాసుకుంటే ఆ తికమక ఉండదు.

కాగితం మీద ఆరు నిలువు గడులు గీసి, పైన 0 నుంచి 5 దాకా చోట్ల నంబర్లు వేయండి. స్వాప్ జరిగినప్పుడే కొత్త వరస రాయండి. స్వాప్ జరగని పోలికకి పక్కన `j` నంబర్ వేసి అడ్డగీత పెడితే చాలు. ప్రతి పోలికకీ వరస మొత్తం రాస్తే టైమ్ సరిపోదు, చేయి నొప్పి పుట్టి అంకెలు తారుమారవుతాయి.

మొదటి పాస్:

```
i=0        42 17 35  8 23 11
j=1 swap   17 42 35  8 23 11
j=2 -
j=3 swap    8 42 35 17 23 11
j=4 -
j=5 -
```

`j` రెండు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇక్కడ 35 ని దేనితో పోలుస్తున్నాం? `a[0]` లో ఇప్పుడున్నది 17, ఇందాకటి 42 కాదు. చాలామంది చేతిలో ఇంకా 42 నే పట్టుకుని, 42 కంటే 35 చిన్నది కదా అని స్వాప్ చేసేస్తారు. అలా చేస్తే 42 ని వరస పొడుగునా నెట్టుకుంటూ పోయి తెలియకుండానే బబుల్ సార్ట్ చేసినట్టవుతుంది. దీనికి నేను చెప్పే చిట్కా, ఎడమచేతి చూపుడువేలు `i` గడి మీదే ఉంచడం. వేలు కదలదు, గడిలోని అంకె మాత్రం మారుతుంది. కుడిచేతిలోని పెన్ను `j` వెంట కదులుతుంది. ప్రతి పోలికకీ ముందు వేలి కిందున్న అంకెని కొత్తగా చదవాలి.

రెండో పాస్‌లో వేలు ఒకటో నంబర్ గడి మీదికి వస్తుంది. అక్కడున్నది 42.

```
i=1         8 42 35 17 23 11
j=2 swap    8 35 42 17 23 11
j=3 swap    8 17 42 35 23 11
j=4 -
j=5 swap    8 11 42 35 23 17
```

వేలి కింద 42 ఉండేది, 35 అయింది, 17 అయింది, చివరికి 11 అయింది. దిగిన ప్రతి అంకే వెళ్ళి కొత్తది వచ్చిన చోట కూర్చుంది. అందుకే వెనక భాగం 42, 35, 23, 17 అని తేలింది. సెలక్షన్ సార్ట్ అయితే అదే చోట 35, 42, 23, 17. ముందున్న 8, 11 రెండింట్లోనూ అవే.

ఆన్సర్ రాసేముందు రెండు చూసుకోవాలి. మొదటిది, మొత్తం కూడితే ఎంత? ఇచ్చిన వరస కూడితే 136. ప్రతి పాస్ చివరా 136 రావాలి. స్వాప్‌లు అంకెల చోట్లు మారుస్తాయే తప్ప అంకెల్ని పుట్టించవు, పోగొట్టవు. హడావిడిలో 17 ని రెండుసార్లు రాసి 11 ని మరిచిపోతే కూడిక 142 అవుతుంది, వెంటనే దొరికిపోతుంది. రెండోది, రెండో పాస్ అయ్యాక మొదటి రెండు గడుల్లో మొత్తం వరసలోని అతి చిన్న రెండూ వరసగా ఉండాలి. ఉన్నాయి. ఈ రెండు చూపులూ తన ఆన్సర్‌ని మాత్రం పట్టుకోలేవు. దాని కూడికా 136 యే, ముందు రెండూ 8, 11 లే. ఇవి చేతి పొరపాటుని పడతాయి, తప్పు పద్ధతిని పట్టలేవు. దానికి ఇంకో పని చేయాలి.

ఫోటో అంచు దగ్గర కోడ్ తెగిపోతే కూడా జాగ్రత్త. ఈ ప్రోగ్రామ్‌లో `t = a[i];` లైను ఫోటోలో పడకపోతే స్వాప్ స్వాప్‌లాగే ఉండదు. `t` లో పాత అంకె ఉండదు కాబట్టి 42 మాయమైపోతుంది. కూడిక చెదిరితే ముందు మీ చేతిని అనుమానించండి. చేయి సరిగ్గానే ఉంటే ఫోటో పై అంచూ కింది అంచూ చూడండి.

## చివరగా మెషీన్‌తో సరిపోల్చడం

పరీక్ష అయిపోయింది కాబట్టి ప్రోగ్రామ్‌ని నడిపి చూసుకోవచ్చు. చివరి ఔట్‌పుట్ మాత్రమే చూస్తే సార్టింగ్‌లో ఏమీ తెలియదు, ఏ పద్ధతైనా చివరికి `8 11 17 23 35 42` అనే చూపిస్తుంది. ప్రతి పాస్ చివరా వరస ప్రింట్ చేయించాలి.

తను లాప్‌టాప్‌లో లోపలి లూప్ కింద ఒక ప్రింట్ లూప్ పెట్టి నడిపింది. ఐదు వరసలు రావాల్సింది ఒక్కటే వచ్చింది, అదీ పూర్తిగా సార్ట్ అయినది. కారణం బ్రేసులు. ఇచ్చిన కోడ్‌లో బయటి `for` కి బ్రేసులు లేవు, దాని కిందికి వచ్చేది లోపలి `for` ఒక్కటే. మనం ఎంత లోపలికి జరిపి రాసినా కొత్త లైను బయటే ఉండిపోతుంది, అన్ని పాస్‌లూ ముగిశాక ఒక్కసారే నడుస్తుంది. బ్రేసులు పెట్టి ఇలా మార్చాలి:

```c
for (i = 0; i < n - 1; i++) {
    for (j = i + 1; j < n; j++)
        if (a[i] > a[j]) {
            t = a[i]; a[i] = a[j]; a[j] = t;
        }
    for (k = 0; k < n; k++)
        printf("%d ", a[k]);
    printf("\n");
}
```

అప్పుడు వచ్చినవి ఇవి:

```
8 42 35 17 23 11
8 11 42 35 23 17
8 11 17 42 35 23
8 11 17 23 42 35
8 11 17 23 35 42
```

వీటిని మీ చేతి రాత పక్కన పెట్టి పైనుంచి కిందికి చూడండి. మొదటిసారి ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే ఆగాలి, దాని కింద ఉన్నవన్నీ ఆ తప్పు వెంట వచ్చినవే. తన పేజీలో మొదటి పాస్ దగ్గర `8 17 35 42 23 11` ఉంది, మెషీన్ `8 42 35 17 23 11` చూపిస్తోంది. అంటే రెండో పాస్‌లో వెతకనవసరం లేదు. మొదటి పాస్‌లోనే 8 వచ్చి నేరుగా 42 తో చోటు మార్చుకుంది, మధ్యలో 17 ఒకసారి ముందుకి రావడం తన లెక్కలో జరగనే లేదు.

రికర్షన్‌కి కూడా ఇలాగే. మూడో లైనుకి ముందు `printf("[%d ", n);` పెట్టి, ఫంక్షన్ చివర `printf("] ");` పెడితే గడులు తెరుచుకోవడం, మూసుకోవడం తెర మీద కనిపిస్తాయి. మూడో లైను దగ్గరే తిరిగొచ్చేసే పిలుపులకి మూసే బ్రాకెట్ రాదు, కాబట్టి ఆ `return` కి ముందు కూడా ఒకటి పెట్టి, రెండింటినీ కలిపి బ్రేసుల్లో ఉంచాలి. తెరిచే బ్రాకెట్లు పదిహేను రావాలి, మూసేవి పదిహేను. తను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ `3` తర్వాత వచ్చిన రెండో `[1` దగ్గర ఆగి, తన రఫ్ పేజీలో అదే చోట పెన్సిల్‌తో గడి గీసుకుంది.